మెలికకు ఏ బాక్స్ ట్యూబ్: మందం పెంచాలా, పెట్టెనే పెద్దది చేయాలా?

ఫ్రేమ్‌లో ఒక ట్యూబ్ మెలి తిరుగుతోందని తేలగానే చాలామంది అదే సైజులో మందం ఎక్కువున్న ట్యూబ్ తెచ్చి పెడతారు. 4 మి.మీ. ఉన్నచోట 5 మి.మీ. వేస్తారు. బరువు దాదాపు పావు వంతు పెరుగుతుంది, మెలిక మాత్రం అనుకున్నంత తగ్గదు. అదే ఇనుముతో, ఒక్క కిలో కూడా పెంచకుండా, అంతకంటే మంచి ఫలితం తెచ్చుకునే దారి ఉంది. ఆ దారి ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఒకే ఉదాహరణను చివరిదాకా లెక్కవేసి చెబుతాను.

మన పని ఇది. 1.5 మీటర్ల పొడవున్న ఉక్కు ట్యూబ్. ఒక చివర గట్టిగా బిగించి ఉంది. రెండో చివర 2.5 కిలోన్యూటన్ మీటర్ల టార్క్ పడుతుంది. ఆ చివర మెలిక ఒక డిగ్రీ దాటకూడదు, గోడలో షియర్ స్ట్రెస్ 80 మెగాపాస్కల్ దాటకూడదు. ఇప్పుడున్నది బయటి కొలతల్లో 120×60, గోడ మందం 4 మి.మీ. దాని బదులు ఏది పెట్టాలన్నదే ప్రశ్న.

ముందు ఒక్క విషయం: గోడ చుట్టూ తిరిగే షియర్ ఫ్లో

పలుచని గోడల మూసిన ట్యూబ్‌ని మెలిపెడితే, గోడ వెంట చుట్టూ ఒక షియర్ బలం ప్రవహిస్తున్నట్టు ఉంటుంది. గోడలో ఒక మి.మీ. పొడవుకు ఎంత బలం పడుతుందో దాన్నే షియర్ ఫ్లో అంటాం, q అని రాస్తాం. స్ట్రెస్‌ని మందంతో గుణిస్తే వచ్చేది ఇదే: `q = τ·t`. ఈ q ట్యూబ్ చుట్టూ ఎక్కడ చూసినా ఒకటే. మూల దగ్గరైనా, పొడవు గోడ మధ్యలోనైనా, మందం మారే చోటైనా మారదు.

ఎందుకు మారదో చూడటానికి ట్యూబ్ మూల నుంచి ఒక చిన్న ముక్కను కోసి తీసినట్టు ఊహించండి. ఆ ముక్కకు ఒకవైపు 6 మి.మీ. గోడ, రెండోవైపు 2 మి.మీ. గోడ ఉన్నాయనుకుందాం. ట్యూబ్ పొడవు దిశలో ఈ ముక్క మీద పనిచేసేవి రెండే బలాలు, కోసిన రెండు అంచుల మీదా ఉండే షియర్. అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోకపోతే ముక్క జారిపోవాలి. కాబట్టి మందమైన గోడలోని τ·t, పలుచని గోడలోని τ·t సమానం కాక తప్పదు. ఇక్కడ సమానమయ్యేది q మాత్రమే. స్ట్రెస్ సమానం కాదు. పలుచని గోడలో స్ట్రెస్ మూడు రెట్లు ఉంటుంది. ఈ తేడా గుర్తుంటే కింద వచ్చే ఎంపికల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

ఇక టార్క్‌కి, q కి సంబంధం. జర్మన్ ఇంజనీర్ రుడాల్ఫ్ బ్రెట్ 1896లో ఇచ్చిన సూత్రం ఇది:

```
T = 2·A·q
τ = T / (2·A·t)
J = 4·A² / Σ(s/t)
φ = T·L / (G·J)
```

T అంటే టార్క్, L ట్యూబ్ పొడవు, φ మెలిక కోణం. J అంటే ఆ అడ్డుకోత మెలికను ఎంత ఎదిరిస్తుందో చెప్పే విలువ, G అంటే షియర్ కింద ఉక్కు ఎంత గట్టిదో చెప్పే విలువ. A అంటే గోడ మధ్యరేఖ చుట్టుముట్టే వైశాల్యం. ఇనుము వైశాల్యం కాదు, లోపలి ఖాళీతో కలిపి. s అంటే ఒక్కో గోడ మధ్యరేఖ పొడవు, t దాని మందం. Σ అంటే నాలుగు గోడలకూ కలిపి కూడాలని. మందం అంతటా ఒకటే అయితే J సూత్రం `4·A²·t/S` అవుతుంది, S మొత్తం చుట్టుకొలత.

సూత్రాన్ని అలా నమ్మేయడం కంటే మన ట్యూబ్‌లో పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది. 120×60×4 ట్యూబ్ మధ్యరేఖ కొలతలు 116×56. A = 6,496 చదరపు మి.మీ. కాబట్టి q = 25,00,000 / (2×6,496) = 192.4 న్యూటన్లు, ప్రతి మి.మీ.కు. 116 మి.మీ. పొడవు గోడ ఒక్కోటి 22.3 కిలోన్యూటన్లు మోస్తుంది. ఎదురెదురుగా ఉన్న ఆ రెండు గోడల మధ్య దూరం 56 మి.మీ., అంటే ఆ జంట ఇచ్చే టార్క్ 1.25 కిలోన్యూటన్ మీటర్లు. 56 మి.మీ. గోడ ఒక్కోటి 10.8 కిలోన్యూటన్లే మోస్తుంది. కానీ వాటి మధ్య దూరం 116 మి.మీ., కాబట్టి వాటి వాటా కూడా 1.25. ట్యూబ్ ఎంత బల్లపరుపుగా ఉన్నా, ఎంత చదరంగా ఉన్నా, రెండు జంటలూ చెరి సగం మోస్తాయి. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. చిన్న గోడ కదా, దాని పని తక్కువే కదా అని దాన్ని పలుచన చేయడానికి మెలిక విషయంలో ఏ ఆధారమూ లేదని ఇది చెబుతుంది.

నాలుగు ట్యూబులు పక్కపక్కన

ఇప్పుడు పోటీదారుల్ని నిలబెడదాం. G ని 80,000 మెగాపాస్కల్‌గా తీసుకున్నాను. బరువు మీటరుకు కిలోల్లో.

| బయటి కొలత, మందం (మి.మీ.) | బరువు | A (చ.మి.మీ.) | స్ట్రెస్ (మెగాపాస్కల్) | మెలిక (డిగ్రీలు) |
|---|---|---|---|---|
| 120×60×4 | 10.8 | 6,496 | 48.1 | 1.37 |
| 120×60×5 | 13.3 | 6,325 | 39.5 | 1.14 |
| 90×90×4 | 10.8 | 7,396 | 42.3 | 1.06 |
| 120×120×3 | 11.0 | 13,689 | 30.4 | 0.56 |

స్ట్రెస్ వరుస చూడండి. నాలుగూ 80 లోపే ఉన్నాయి, అంటే బలం విషయంలో ఇప్పుడున్న ట్యూబ్ కూడా సరిపోతుంది. ఇబ్బంది మెలికతోనే. ఇది చిన్న విషయం కాదు. స్ట్రెస్ తగ్గాలంటే A·t పెరగాలి, మెలిక తగ్గాలంటే A²·t/S పెరగాలి. మొదటిదానిలో వైశాల్యానికీ మందానికీ సమాన గౌరవం. రెండోదానిలో వైశాల్యం వర్గమై కూర్చుంటుంది. మీ ఇబ్బంది ఏదో తేల్చుకోకుండా ట్యూబ్ ఎంచుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

రెండో వరుసలో మందం పెంచాం. బరువు 24 శాతం పెరిగింది, మెలిక 1.37 నుంచి 1.14 కి దిగింది. ఒక డిగ్రీ లోపలికి రాలేదు. కారణం ఒకటి కాదు, రెండు. మెలికలో మందానికి వర్గం లేదు, ఉన్నదున్నట్టే పనిచేస్తుంది. పైగా బయటి కొలత మారకుండా మందం పెంచితే ఆ మందం లోపలికి పెరుగుతుంది, మధ్యరేఖ లోపలికి జరుగుతుంది. చూడండి, A 6,496 నుంచి 6,325 కి పడిపోయింది. ఇనుము కొని వైశాల్యం పోగొట్టుకున్నాం.

మూడో వరుసలో ఒక్క గ్రాము కూడా పెంచలేదు. చుట్టుకొలత అదే, మందం అదే, ఆకారం మాత్రం చదరం. మెలిక 1.06 కి వచ్చింది, ఎక్కువ ఇనుమున్న రెండో ట్యూబ్ కంటే మెరుగు. ఒకే చుట్టుకొలతలో అన్ని దీర్ఘచతురస్రాల్లోకీ చదరానిదే ఎక్కువ వైశాల్యం, అంతే. మధ్యరేఖ కొలతల్లో పొడవు వెడల్పుకు రెండింతలైతే చదరంతో పోలిస్తే స్టిఫ్‌నెస్ 79 శాతం, మూడింతలైతే 56 శాతం, నాలుగింతలైతే 41 శాతం. అంటే కాస్త దీర్ఘంగా ఉంటే నష్టం తక్కువే, మరీ బద్దలా చేస్తేనే దెబ్బ. కాబట్టి ఇప్పటికే 100×80 లాంటిది ఉంటే చదరం కోసం డ్రాయింగ్ మార్చే శ్రమ పెట్టుకోకండి.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. 90×90×4 కూడా మన డిగ్రీ హద్దును వెంట్రుకవాసిలో దాటింది. 1.06 అంటే 1 కాదు. బిగింపులోనూ ఎంతో కొంత సడలింపు ఉంటుంది కాబట్టి దీన్ని నేను ఆమోదించను.

నాలుగోది నిలిచింది. ఇనుము రెండు శాతమే ఎక్కువ, గోడ పలుచన, పెట్టె పెద్దది. మెలిక సగానికంటే తక్కువ. చోటు ఉంటే నా మాట ఇదే: పెట్టెను పెద్దది చేయండి, గోడను పలుచన చేయండి.

మరి ఎంతవరకు పలుచన చేయొచ్చు?

ఇదే దారిలో ముందుకెళ్తే 120×120×2 వస్తుంది. దాని మెలిక 0.82 డిగ్రీలు, స్ట్రెస్ 44.9, బరువు మీటరుకు 7.4 కిలోలు. అంటే ఇప్పుడున్న ట్యూబ్ కంటే 31 శాతం తేలిక, అయినా గట్టిది. లెక్క అబద్ధం చెప్పడం లేదు. కానీ లెక్క చూడని విషయాలు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

మొదటిది షియర్ బక్లింగ్. పలుచని వెడల్పాటి గోడ షియర్ కింద ఏటవాలుగా ముడతలు పడుతుంది. సన్నని రేకు డబ్బాను రెండు చేతులతో మెలిపెడితే కనిపించే ఆ వంకర చారలు ఇవే. పొడవైన గోడకు, అంచులకు తిరిగే స్వేచ్ఛ ఉందనుకుంటే, ముడత పడే స్ట్రెస్ ఇలా వస్తుంది:

```
τ_cr = 5.34 · π²·E / (12·(1−ν²)) · (t/b)²
```

b అంటే గోడ మధ్యరేఖ వెడల్పు. ఉక్కు యంగ్స్ మాడ్యులస్ E ని 2,00,000 మెగాపాస్కల్, పాయిసన్ నిష్పత్తి ν ని 0.3 గా తీసుకుంటే 3 మి.మీ. గోడకు ఇది 630 దాటుతుంది, 2 మి.మీ.కు 277. లాగుడులో 250 దగ్గర లొంగే ఉక్కు షియర్‌లో సుమారు 144 దగ్గరే లొంగిపోతుంది కాబట్టి ఈ రెండు గోడలూ ముడత పడకముందే ఉక్కు లొంగుతుంది, అంటే బక్లింగ్ భయం లేదు. 1 మి.మీ.కు వస్తే కథ మారుతుంది. ముడత పడే స్ట్రెస్ 68, మన టార్క్ కింద గోడలో ఉండే స్ట్రెస్ 88. కచ్చితంగా ముడత పడుతుంది. ఎందుకింత ఒక్కసారిగా అంటే, మందం సగమైతే పడే స్ట్రెస్ రెండింతలవుతుంది, తట్టుకునే స్ట్రెస్ నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు గీతలూ ఎదురెదురుగా పరుగెత్తుతాయి.

రెండోది తుప్పు. గోడలో అర మి.మీ. తినేస్తే 4 మి.మీ. ట్యూబ్ ఎనిమిదో వంతు పోగొట్టుకుంటుంది, 2 మి.మీ. ట్యూబ్ నాలుగో వంతు. q గోడ మందాన్ని బట్టి తగ్గదు, కాబట్టి తినేసిన చోట స్ట్రెస్ నేరుగా పెరుగుతుంది. నీరు నిలిచే చోట పెట్టే ట్యూబ్‌కి 2 మి.మీ. వద్దు. 3 మి.మీ. దగ్గర ఆగుతాను.

మూడోది బ్రాకెట్లు. పలుచని పెద్ద గోడ మధ్యలో ఒక లగ్ వెల్డ్ చేసి దాని ద్వారా టార్క్ ఎక్కిస్తే గోడ లోపలికి, బయటికి ఊగుతుంది. బ్రెట్ సూత్రం అడ్డుకోత ఆకారం మారదని నమ్ముతుంది. టార్క్ ఒకే గోడ మీద పడితే చదరం కాస్తా వాలిపోయి సమచతుర్భుజంలా మారే ప్రమాదం ఉంది. టార్క్ ఎక్కే చోట ట్యూబ్ చివర మూసే ప్లేట్ కానీ, లోపల అడ్డంగా బిగించిన పలక, అంటే డయాఫ్రమ్ కానీ ఉంటే నాలుగు గోడలకూ q సమానంగా అందుతుంది. పెద్ద పలుచని పెట్టె ఎంచుకున్నప్పుడు ఈ ప్లేటును ఖర్చులో భాగంగానే చూడండి. అది లేకుండా పై పట్టికలోని 0.56 రాదు.

చోటు లేకపోతే

అన్నిసార్లూ 120×120 పట్టదు. వెడల్పు 60 దాటకూడదని ఉందనుకుందాం. అప్పుడు రెండు దారులు. మందాన్ని 6 మి.మీ.కు పెంచితే మెలిక 0.99 డిగ్రీలకు వస్తుంది, బరువు మీటరుకు 15.8 కిలోలు. మందం 4 దగ్గరే ఉంచి ఎత్తును 160 కి పెంచితే మెలిక 0.93, బరువు 13.3. అంటే చదరానికి దూరంగా వెళ్తున్నా సరే, వెడల్పు కట్టుబడిపోయినప్పుడు ఎత్తు పెంచడమే లాభం. చుట్టుకొలత కూడా పెరుగుతోంది కాబట్టి లాభం చదరంలో ఉన్నంత ఉండదు, కానీ మందం కంటే నయం. ఎత్తూ వెడల్పూ రెండూ కట్టుబడిపోతేనే మందం మీద పడాలి. అప్పుడు కూడా ప్రతి అదనపు మి.మీ.కూ A కొంత తగ్గుతుందని గుర్తుంచుకుని మళ్లీ లెక్కవేయండి.

అన్ని గోడలూ ఒకే మందమా, వేర్వేరా?

ప్లేట్లతో పెట్టె కట్టేవాళ్లకు ఈ స్వేచ్ఛ ఉంటుంది. పొడవు గోడలు 5 మి.మీ., చిన్న గోడలు 2 మి.మీ. వేసి చూద్దాం. మధ్యరేఖ 116×56 అలాగే ఉంచాను. ఇనుము దాదాపు మొదటి ట్యూబ్‌లో ఉన్నంతే. q మారలేదు, 192.4. పొడవు గోడల్లో స్ట్రెస్ 38.5 కి తగ్గింది, చిన్న గోడల్లో 96.2 కి ఎగబాకింది. మన 80 హద్దు దాటిపోయింది. మెలిక కూడా 1.37 నుంచి 1.63 డిగ్రీలకు పెరిగింది.

ఎందుకంటే J సూత్రం కింద ఉన్నది s/t ల మొత్తం. పలుచని గోడ s/t పెద్దది. 112 మి.మీ. చిన్న గోడలు రెండూ కలిసి 56 వేస్తే, 232 మి.మీ. పొడవు గోడలు రెండూ కలిసి 46.4 మాత్రమే వేస్తున్నాయి. చిన్నవే ఎక్కువ మెలికకు కారణమవుతున్నాయి. మధ్యరేఖ ఆకారం, ఇనుము మొత్తం స్థిరంగా ఉంటే మెలికకు సమాన మందాన్ని మించినది లేదు, దీన్ని గణితంగా నిరూపించవచ్చు కూడా. అసమాన మందం ఎంచుకోవాల్సింది వంపు భారమే ప్రధానమై, మెలిక పక్కవాయిద్యంగా ఉన్నప్పుడు. అప్పుడు వంపులో లాగుడూ నొక్కుడూ పడే గోడలకు మందం ఇవ్వండి, కానీ పలుచని గోడలో `q/t` హద్దులో ఉందో లేదో విడిగా చూడండి. సగటు మందం వేసి లెక్కవేస్తే ఈ 96 కనబడదు. 48 దగ్గర ఉందని సంతోషపడి ఊరుకుంటాం.

తయారు ట్యూబా, వెల్డ్ చేసిన పెట్టెనా?

నన్ను ఎక్కువగా టెన్షన్ పెట్టే ఎంపిక ఇది. ట్యూబ్ మూసి ఉందన్న ఒక్క నమ్మకం మీదే ఇంతసేపు లెక్కవేశాం. అతుకు తెరిచి ఉంటే q చుట్టూ తిరగడానికి దారి లేదు. అప్పుడు గోడ మందం లోపలే ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి షియర్ తిరగాలి, J కేవలం `S·t³/3`. మన 120×60×4 కి పొడవునా ఒక సన్నని చీలిక ఉందనుకోండి. J 19,62,700 నుంచి 7,340 కి పడుతుంది. 267 రెట్లు తక్కువ. 48 మెగాపాస్కల్ స్ట్రెస్ దగ్గర అది మోయగలిగేది 2,500 న్యూటన్ మీటర్లు కాదు, 88. చివరలు గట్టిగా బిగించి ఉంటే కాస్త ఎక్కువ నిలబడుతుంది, అయినా పోలికే లేదు. ఇనుము అంతా అక్కడే ఉంది, బరువూ అంతే, చూపుకూ అదే.

కాబట్టి ప్లేట్లతో కట్టే పెట్టెలో వెల్డ్‌ని అలంకారంగా కాదు, గోడలో భాగంగా చూడాలి. నాలుగు మూలల వెల్డ్లూ ప్రతి మి.మీ.కూ 192 న్యూటన్లు దాటించాలి. వెల్డ్‌కి 90 మెగాపాస్కల్ అనుమతిస్తే మూలలో కావాల్సిన గొంతు మందం, అంటే వెల్డ్‌లో అతి సన్నని చోటి మందం, 2.1 మి.మీ. మాత్రమే, అంటే కొనసాగింపు వెల్డ్ అయితే చిన్నదే చాలు. వేడికి వంకర పోతుందని 150 మి.మీ.కు ఒకసారి 50 మి.మీ. చొప్పున ముక్కలుగా వేస్తే ప్రతి ముక్కా మూడింతలు, మి.మీ.కు 577 న్యూటన్లు మోయాలి. గొంతు మందం 6.4 మి.మీ. కావాలి, 4 మి.మీ. ప్లేట్ మీద అది కుదరని పని. పైగా వెల్డ్ లేని ఖాళీల్లో పెట్టె కాస్త తెరుచుకున్నట్టే ప్రవర్తిస్తుంది.

మొదట్లో నేనూ ఈ పొరపాటు చేశాను. మూడు వైపులా మడిచిన ప్లేటుకు నాలుగో వైపు మూత పెట్టి ముక్కల వెల్డ్ వేయించాను. కాగితం మీద పాస్ అయిన పెట్టె, లోడ్ పెట్టగానే లెక్కకంటే స్పష్టంగా ఎక్కువ తిరిగింది. ప్లేట్ మందం కొలిచాను, టార్క్ మళ్లీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెల్డ్‌ని పొడవునా కలిపించాకే మెలిక లెక్కకు దగ్గరగా వచ్చింది. అప్పటినుంచీ డ్రాయింగ్ మీద వెల్డ్ గుర్తు పక్కన షియర్ ఫ్లో విలువ కూడా రాస్తున్నాను. వెల్డ్ వేసే మనిషికి ఆ అతుకు ఎంత మోస్తుందో తెలియాలి.

మూత బోల్టులతో ఉండాల్సిందే అంటే లెక్క సులువే. q ని బోల్టుల మధ్య దూరంతో గుణించండి. 60 మి.మీ.కు ఒకటైతే బోల్టుకు 11.5 కిలోన్యూటన్లు. ఆ బలాన్ని జారకుండా బిగింపు రాపిడితో పట్టుకోగలిగే బోల్టు కావాలి. రంధ్రంలో వదులు ఉండి మూత జారితే, ఆ జారుడు ఉన్నంతసేపూ పెట్టె తెరిచి ఉన్నట్టే. తరచూ తెరవాల్సిన అవసరం లేకపోతే తయారు ట్యూబే నా ఎంపిక. అందులో అతుకు ఫ్యాక్టరీలోనే పొడవునా వెల్డ్ అయి వస్తుంది.

లెక్కలో పొరపాట్లు, కొలతలో ఆనవాళ్లు

అన్నిటికంటే మామూలు పొరపాటు బయటి కొలతలతో A లెక్కవేయడం. 120×60 = 7,200 అని తీసుకుంటే వైశాల్యం 11 శాతం, J 17 శాతం ఎక్కువ వస్తాయి. రెండూ ప్రమాదం వైపు తప్పులే. ప్రతి కొలతలోంచీ ఒక మందం తీసేయండి, సగం చొప్పున రెండు వైపులా. మూలల గుండ్రటితనం గురించి అంత దిగులు అక్కర్లేదు. మధ్యరేఖ వంపు వ్యాసార్ధం 6 మి.మీ. అయినా A లో పోయేది అర శాతమే.

గోడ ఎంత మందమైతే పలుచనిది కాకుండా పోతుంది? మన ట్యూబ్‌లో చిన్న గోడ 56, మందం 4, నిష్పత్తి 14. ఇక్కడ సూత్రం ఇచ్చే 48.1 గోడ మందం మీద సగటు. నిజానికి బయటి ముఖం దగ్గర సుమారు 53, లోపలి ముఖం దగ్గర 43 ఉంటుంది. నిష్పత్తి 10 కంటే కిందికి దిగితే ఈ తేడా విస్మరించేంత చిన్నది కాదు. లోపలి మూలల్లో మాత్రం వేరే సంగతి, అక్కడ వంపు పదునుగా ఉంటే స్ట్రెస్ గుమిగూడుతుంది. టార్క్ అటూ ఇటూ మారుతూ లక్షలసార్లు పడే పనికి లోపలి వంపు పెద్దగా ఉన్న ట్యూబ్ ఎంచుకోండి.

బిగించిన చివర గురించి కూడా ఒక మాట. మందం అంతటా ఒకటే ఉన్న చదరపు ట్యూబ్ మెలి తిరిగినా అడ్డుకోత సమతలంగానే ఉంటుంది. దీర్ఘచతురస్రం అలా కాదు, దాని మూలలు పొడవు దిశలో ముందుకూ వెనక్కూ కొద్దిగా జరుగుతాయి. గట్టిగా బిగించిన చివర ఆ జరుగుడును ఆపుతుంది కాబట్టి అక్కడ మూలల్లో అదనంగా లాగుడు, నొక్కుడు స్ట్రెస్‌లు పుడతాయి. ట్యూబ్ వెడల్పంత దూరంలో అవి చాలావరకు తగ్గిపోతాయి. అయినా వెల్డ్ సరిగ్గా అక్కడే ఉంటుంది. చదరానికి ఓటు వేయడానికి ఇది ఇంకో కారణం.

ట్యూబ్ పెట్టాక లోడ్ వేసి కొలవండి. రెండు చివరలా కోణం కొలిచే పరికరం పెట్టి, లోడ్ ముందూ తర్వాతా రీడింగుల తేడా తీయండి. బిగించిన చివర కూడా తిరుగుతోందంటే సమస్య ట్యూబ్‌ది కాదు, ఆధారానిది. దాన్ని తీసేశాక మిగిలిన మెలిక లెక్కకు చాలా రెట్లు ఉంటే అతుకు ఎక్కడో తెరిచి ఉంది. కొద్దిగా ఎక్కువుంటే, టార్క్ ఎక్కే చోట ట్యూబ్ రెండు కర్ణాలూ లోడ్‌తోనూ, లోడ్ లేకుండానూ కొలవండి. ఒకటి పెరిగి ఇంకోటి తగ్గితే అడ్డుకోత వాలిపోతోంది, అక్కడ డయాఫ్రమ్ కావాలి. మందం పెంచితే అది పోదు.

మన పనికి ఇక నా నిర్ణయం: చోటుంటే 120×120×3, టార్క్ ఎక్కే చివర 6 మి.మీ. మూత ప్లేటు చుట్టూ కొనసాగింపు వెల్డ్‌తో. వెడల్పు 60 కే పరిమితమైతే 160×60×4. ఆ రెండూ కుదరనప్పుడే 120×60×6, అది కూడా 0.99 డిగ్రీలంటే మిగులు లేదని, బిగించిన చివర రవ్వంత తిరిగినా హద్దు దాటుతుందని తెలిసే పెట్టాలి.